మందు మానేశాడు కదా, ఇప్పుడు పారాసిటమాల్ వేసుకుంటే పర్వాలేదా?

కాశీబుగ్గ_జీడి
మా బావ గురించి అడుగుతున్నాను. అక్క భర్త. 46 ఏళ్ళు, బక్క మనిషి, 50 కిలోలు ఉంటాడేమో. చాలా ఏళ్ళుగా రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ పడాల్సిందే. నాలుగు రోజుల క్రితం జ్వరం, ఒళ్ళునొప్పులు పట్టుకున్నాయి. మందు వాసనే పడటం లేదని తనంతట తనే మానేశాడు. తిండీ లేదు. కొబ్బరినీళ్ళు, కాస్త గంజి, అంతే. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఒక ఇంజెక్షన్ చేసి మాత్రలు ఇచ్చారు. జ్వరం దిగట్లేదని అక్క ఇంకో షాపు నుంచి కూడా తెచ్చింది.

తాగి పారాసిటమాల్ వేసుకుంటే లివర్ దెబ్బతింటుందని అందరూ అంటారు. ఇప్పుడు తాగట్లేదు కదా, ఎన్ని వేసినా భయం లేదు అంటోంది అక్క. వినడానికి సబబుగానే ఉంది. కానీ నిన్న రాత్రి నుంచి వాంతులు. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

టెక్కలి_లారీ
రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే వాంతులు అవుతాయి తమ్ముడూ. మా క్లీనర్‌కి ఇదే అయింది. చిన్న పెగ్గు పోయండి, సర్దుకుంటుంది.

వంశధార_ఒడ్డు
జ్వరం మనిషికి పెగ్గేటి అన్నా!

బొబ్బిలి_అమ్మ
మా పాపకి నాలుగేళ్ళు. జ్వరానికి పారాసిటమాల్ సిరప్ రోజుకి నాలుగుసార్లు వేస్తున్నాను. లివర్‌కి ఏమైనా అవుతుందా? ఇది చదివి టెన్షన్ వచ్చేసింది.

రాజాం_ఫార్మసిస్ట్
బొబ్బిలి_అమ్మ గారు, పిల్లలకి బరువుని బట్టి లెక్క. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక డోసు, రోజుకి నాలుగు దాటకూడదు. మీ సీసా మీద ఎన్ని ఎం.ఎల్.లో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, పాప బరువుతో సరిచూసుకోండి. ఈ టాపిక్ పెద్దవాళ్ళది, కంగారుపడకండి.

కాశీబుగ్గ_జీడి గారు, మీ బావగారు వేసుకుంటున్న స్ట్రిప్పులన్నీ ముందు పెట్టుకోండి. ముందు పేరు కాదు, వెనక చిన్న అక్షరాలతో ఉన్న కాంపోజిషన్ చదివి ఇక్కడ రాయండి. ఒక్కోటి రోజుకి ఎన్ని వేశారో కూడా. ఇప్పుడే.

కాశీబుగ్గ_జీడి
అక్కకి ఫోన్ చేసి చదివించాను.
జ్వరం బిళ్ళ, పారాసిటమాల్ 650, రోజుకి నాలుగు.
జలుబు బిళ్ళ, అందులోనూ పారాసిటమాల్ 500 అని ఉందట, ఇంకేవో రెండు కూడా. రోజుకి మూడు.
ఒళ్ళునొప్పులకి ఇచ్చింది ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. రోజుకి రెండు.
మూడు రోజులుగా ఇలాగే. మూడూ వేరే వేరే మందులు అనుకుంది పాపం.

రాజాం_ఫార్మసిస్ట్
కూడండి. 650 నాలుగుసార్లు 2600. 500 మూడుసార్లు 1500. 325 రెండుసార్లు 650. మొత్తం 4750 మిల్లీగ్రాములు, రోజుకి. రెండు రకాల షాపులు, మూడు రకాల స్ట్రిప్పులు, లోపల ఉన్నది ఒకటే. మా కౌంటర్ దగ్గర ఇది తరచూ చూస్తాం. జలుబు బిళ్ళలో పారాసిటమాల్ ఉంటుందని చాలామందికి తెలియదు.

ఆరోగ్యంగా ఉండి కడుపు నిండా తినే పెద్దవాళ్ళకే రోజుకి 4 గ్రాములు ఆఖరి గీత. మీ బావగారికి ఆ గీత ఇంకా చాలా కింద ఉంటుంది. ఈ మాత్రలన్నీ ఆపించండి, స్ట్రిప్పులు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి.

కోటగుమ్మం_విజయనగరం
భయపెట్టేస్తున్నారండీ. పారాసిటమాల్ విషం కావాలంటే ఒకేసారి ఏడెనిమిది గ్రాములైనా మింగాలి. పుస్తకాల్లో ఉన్నదే చెప్తున్నా. ఈయన రోజంతా కలిపి 4750, అంటే గీత మీద ముప్పావు గ్రాము. దానికే లివర్ పోతుందా? మా మావయ్య రోజూ తాగుతాడు, మర్నాడు తలనొప్పికి డోలో వేస్తాడు, ఇప్పటికీ పొలం దున్నుతున్నాడు.

నర్సన్నపేట_నర్సు
వాంతులతో పాటు కుడి డొక్క కింద, పక్కటెముకల దగ్గర నొప్పి ఉందా? నొక్కితే ఓర్చుకోలేకపోతున్నాడా? చేతులు వణుకుతున్నాయా? మాటలో తేడా ఉందా?

కాశీబుగ్గ_జీడి
కుడివైపు నొప్పి ఉందట. వణుకు మొదటి రెండు రోజులు ఉంది, ఇప్పుడు తగ్గింది. మాట బాగానే ఉంది, నీరసంగా పడుకుని ఉన్నాడు.

నర్సన్నపేట_నర్సు
అయితే టెక్కలి_లారీ అన్నయ్య చెప్పింది పక్కన పెట్టండి. మందు మానిన ఇబ్బంది నిజంగానే ఉంటుంది, అందులో ఫిట్స్ కూడా రావచ్చు. కానీ దానికి వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, గాభరా. ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లో. వణుకు తగ్గాక వాంతులు మొదలై, కుడి డొక్కలో నొప్పి పెడుతోందంటే అది లివర్ పిలుస్తున్నట్టే.

అక్కడ అడగాల్సిన టెస్టులు: ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే టైము చూసే పీటీ ఐఎన్ఆర్, క్రియాటినిన్, షుగర్. ఐఎన్ఆర్ మాత్రం వదలొద్దు. చాలా చిన్న ల్యాబుల్లో లివర్ ప్యాకేజీలో అది ఉండదు, విడిగా రాయించుకోవాలి. ఇంకో మాట, ఎవరైనా గ్లూకోజ్ సీసా ఎక్కించబోతే రోజూ తాగే మనిషి అని ముందే చెప్పండి, బీ1 ఇంజెక్షన్ ముందు ఇస్తారు.

కాశీబుగ్గ_జీడి
బండి మాట్లాడాను. శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం. గంటన్నర దారి.

నాగావళి_ఎండీ
ప్రయాణంలో ఉన్నారు కాబట్టి ముందు పనికొచ్చేది చెప్తాను. డ్యూటీ డాక్టర్‌కి మూడు విషయాలు వరుసగా చెప్పండి: రోజూ క్వార్టర్ తాగే మనిషి, నాలుగు రోజులుగా తిండి లేదు, మూడు రోజులుగా పారాసిటమాల్ రోజుకి 4750. స్ట్రిప్పులు చూపించండి. ‘జ్వరం, వాంతులు’ అని మాత్రమే చెబితే ఆ కోణం తప్పిపోవచ్చు. దీనికి విరుగుడు మందు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇప్పుడు అక్కగారి లెక్క ఎక్కడ తప్పిందో, కోటగుమ్మం గారి సందేహం ఎక్కడ సగం నిజమో చూద్దాం.

మనం వేసుకున్న పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ మామూలుగానే శుభ్రం చేసి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ చేతిలో పడి నాప్‌క్వి అనే విషపదార్థం అవుతుంది. దాన్ని లివర్‌లోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టేసి చంపేస్తుంది. అందుకే మామూలు డోసులో మామూలు మనిషికి ఏమీ కాదు.

రోజూ తాగేవారిలో రెండు మార్పులు వస్తాయి. ఆ ఎంజైమ్ పెరుగుతుంది, కాబట్టి అదే మాత్ర నుంచి ఎక్కువ విషం తయారవుతుంది. గ్లూటాథయోన్ నిల్వ తగ్గుతుంది, కాబట్టి దాన్ని పట్టేసేది తక్కువ. పైన తిండి లేకపోతే ఆ నిల్వ మరీ అడుగంటుతుంది.

ఇక అసలు సంగతి. మద్యాన్ని విరగ్గొట్టడంలో కూడా అదే ఎంజైమ్ ఒక చేయి వేస్తుంది. ఒంట్లో మద్యం ఉన్నంతసేపు ఒకే గేటు దగ్గర రెండు బళ్ళు నిలబడ్డట్టు, పారాసిటమాల్‌కి దారి దొరకడం కష్టమవుతుంది. మద్యం ఆగిపోగానే గేటు ఖాళీ. పెరిగిన ఎంజైమ్ మాత్రం వెంటనే తగ్గదు, కొన్ని రోజులు అలాగే ఉంటుంది. కాబట్టి రోజూ తాగేవాడు మానేసిన మొదటి కొన్ని రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. సరిగ్గా అప్పుడే జ్వరం, ఆకలి లేకపోవడం, మూడు రకాల బిళ్ళలు. ఇందులో అక్కగారి తప్పేమీ లేదు, ఇది ఎవరూ చెప్పని విషయం.

వంశధార_ఒడ్డు
అంటే తాగుతూ వేసుకుంటే మంచిదా డాక్టర్ గారూ? ఎవరో ఒకరు ఇది చదివి అలాగే అర్థం చేసుకుంటారు, అందుకే అడుగుతున్నా.

నాగావళి_ఎండీ
కాదు. ఆ అడ్డం కొన్ని గంటలే. మాత్ర ఒంట్లో ఉండగానే మద్యం కరిగిపోతుంది, తర్వాత కథ మామూలే. తాగిన మత్తులో ఎన్ని వేసుకున్నాడో గుర్తుండకపోవడం ఇంకో ప్రమాదం. కోటగుమ్మం గారు, మీరన్న ఏడెనిమిది గ్రాములు ఒకేసారి మింగితే వచ్చే విషానికి చెప్పే లెక్క. రోజుల తరబడి కొంచెం కొంచెం ఎక్కువ వేసుకునే దానికి అది వర్తించదు. అందులోనూ తాగేవారికి, తిండి తినని వారికి రోజుకి 4 గ్రాములు దాటితే లక్షణాలు లేకపోయినా చూపించుకోమంటాం. మీ మావయ్యగారి ఒక్క డోలోకీ, ఈయన తొమ్మిది బిళ్ళలకీ పోలిక లేదు.

కోటగుమ్మం_విజయనగరం
ఒకేసారి, రోజుల తరబడి అన్న తేడా నేను ఆలోచించలేదు. సరే. కానీ తాగేవాళ్ళు ఒక్క మాత్ర కూడా ముట్టకూడదు అనే ప్రచారం మాత్రం నాకు నచ్చదు, ఆ మాట మీద ఉంటాను.

కవిటి_కొబ్బరితోట
ఇంత గొడవ ఎందుకు, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాకో, బ్రూఫెనో వేసేస్తే లివర్ గోల ఉండదు కదా?

నర్సన్నపేట_నర్సు
కవిటిలో కూర్చుని ఈ మాట అనకండి బాబూ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో మీకు తెలిసిందే. అవి కిడ్నీ మీద పడే మాత్రలు. తాగేవాళ్ళకి కడుపులో పుండ్లు, రక్తస్రావం అదనం. జ్వరం డెంగీ అయితే మరీ ప్రమాదం. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి కూడా డాక్టర్లు తక్కువ డోసులో పారాసిటమాలే రాస్తారు, వాటి జోలికి వెళ్ళరు.

కవిటి_కొబ్బరితోట
నిజమే, మా పెదనాన్న డయాలసిస్‌కి పలాస వెళ్తున్నాడు. ఆ కోణంలో ఆలోచించలేదు.

చీపురుపల్లి_మాస్టారు
కామెర్లు తేలితే మా వైపు పసరు వేస్తారు, నేల ఉసిరి కూడా మంచిదంటారు. ఆస్పత్రితో పాటు అది కూడా చూడండి.

నాగావళి_ఎండీ
మాస్టారూ, దయచేసి ఇప్పుడు వద్దు. ఈ జబ్బులో కామెర్లు కనబడేసరికే రెండు మూడు రోజులు గడిచిపోయి ఉంటాయి. పసరు కోసం ఇంకో రోజు ఆగితే విరుగుడు పనిచేసే సమయం చేజారుతుంది.

కాశీబుగ్గ_జీడి
అడ్మిట్ చేశారు. రిపోర్టులు వచ్చాయి. ఎస్‌జీఓటీ 6240, ఎస్‌జీపీటీ 3980, బిలిరుబిన్ 2.6, ఐఎన్ఆర్ 2.1, క్రియాటినిన్ 1.6. ఇక్కడి డాక్టర్ గారు స్ట్రిప్పులు చూసి మీరు చెప్పిన ఇంజెక్షనే మొదలుపెట్టారు. సెలైన్‌లో కలిపి 21 గంటలు ఎక్కిస్తారట. అక్క ఏడుస్తోంది. ఈ నంబర్లు ఎంత చెడ్డవో చెప్పండి.

నాగావళి_ఎండీ
లివర్ కణాలు గట్టిగానే దెబ్బతిన్నాయి. కానీ మీరు చూడాల్సింది 6240 కాదు, 2.1. ఎస్‌జీఓటీ ఎంత దెబ్బ తగిలిందో చెప్తుంది. ఐఎన్ఆర్ లివర్ ఇంకా పని చేయగలుగుతోందా లేదా అన్నది చెప్తుంది. రేపు ఎస్‌జీఓటీ సగానికి పడి ఐఎన్ఆర్ పెరిగితే సంతోషించకూడదు. రెండూ తగ్గితే గట్టున పడ్డట్టు. మాట తడబడటం, పగలు మత్తుగా నిద్రపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం కనిపిస్తే రాత్రయినా వెంటనే నర్సుని పిలవండి.

అంకెల గురించి ఒక మాట. తాగుడు వల్ల మాత్రమే వచ్చే లివర్ వాపులో ఎస్‌జీఓటీ సాధారణంగా మూడు నాలుగు వందలు దాటదు. వేలల్లోకి వెళ్ళిందంటే తాగుడు ఒక్కటే కారణం కాదు, ఇంకేదో ఉందని వెతకాలి. ‘తాగుబోతు కదా, లివర్ ఇలాగే ఉంటుంది’ అని వదిలేసిన చోటే ఇలాంటి కేసులు పోతాయి.

గరివిడి_ల్యాబ్
డెంగీలో కూడా ఎస్‌జీఓటీ పెరుగుతుంది కదా సార్. సీజన్‌లో మా దగ్గర వందల్లో రోజూ చూస్తాం, వేలల్లో కూడా అప్పుడప్పుడూ. మాత్రల వల్లే అని ఎలా తేలుస్తారు? రక్తంలో పారాసిటమాల్ లెవెల్ చేయిస్తే సరిపోదా?

నాగావళి_ఎండీ
మంచి ప్రశ్న. లెవెల్ చూసి చార్టులో పెట్టి విరుగుడు ఇవ్వాలా వద్దా తేల్చే పద్ధతి ఒకేసారి మింగిన కేసులకి. ఎప్పుడు మింగాడో టైము తెలియాలి. రోజుల తరబడి వేసుకున్నవాళ్ళలో ఈపాటికి లెవెల్ దాదాపు ఏమీ లేకపోవచ్చు, అయినా దెబ్బ తగిలే ఉంటుంది. కాబట్టి లెవెల్ తక్కువ వచ్చిందని ఊరట పడకూడదు. ఈయనకి డెంగీ, హెపటైటిస్ ఎ, ఇ, బి కూడా చేయించాల్సిందే. రెండూ కలిసి ఉండొచ్చు. విరుగుడు ఆ ఫలితాల కోసం ఆగదు.

టెక్కలి_లారీ
జీడి తమ్ముడూ, పెగ్గు మాట వెనక్కి తీసుకుంటున్నా. బావ ఎలా ఉన్నాడు?

కాశీబుగ్గ_జీడి
ఐఎన్ఆర్ మొన్న 2.4కి వెళ్ళింది, చాలా భయపడ్డాం. ఇంజెక్షన్ ఆపకుండా ఇంకా కొనసాగించారు. నిన్న 1.8, ఇవాళ 1.4. ఎస్‌జీఓటీ 900. క్రియాటినిన్ 1.1. ఇడ్లీ అడిగి తిన్నాడు. డెంగీ టెస్టు మొదటిది నెగెటివ్, రెండోది కొద్దిగా పాజిటివ్ అంటున్నారు. అసలు జ్వరం ఏమిటో ఇంకా కచ్చితంగా చెప్పలేదు.

బొబ్బిలి_అమ్మ
హమ్మయ్య. మీ అక్కకి ధైర్యం చెప్పండి. మా పాపకి లెక్క సరిగ్గానే వేస్తున్నానని తేలింది.

వంశధార_ఒడ్డు
మరి ఇలాంటివాళ్ళకి జ్వరమొస్తే ఏం చేయాలి? రోజుకి ఎంత వరకు?

రాజాం_ఫార్మసిస్ట్
నేను కౌంటర్ దగ్గర చెప్పేది: రోజూ తాగేవాళ్ళకి, మానేసి వారం పది రోజులు కానివాళ్ళకి, తిండి తిననివాళ్ళకి, బక్కగా ఉన్నవాళ్ళకి రోజంతా కలిపి 2 గ్రాములు. అంటే 650 బిళ్ళ రోజుకి మూడు, ఆరేసి ఎనిమిదేసి గంటల తేడాతో. ఒకే స్ట్రిప్పు వాడాలి, జలుబు బిళ్ళ కలపకూడదు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే మాత్ర పెంచడం కాదు, డాక్టర్‌కి చూపించడం.

‘రోజూ తాగడం’ అంటే ఎంత అని అడుగుతారు. మన 180 ఎం.ఎల్. క్వార్టర్‌లో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. 30 ఎం.ఎల్. చిన్న పెగ్గులో 10. అమెరికాలో పారాసిటమాల్ డబ్బా మీద రోజుకి మూడు డ్రింకులు, అంతకంటే ఎక్కువ తాగుతూ ఇది వాడితే లివర్ తీవ్రంగా దెబ్బతినవచ్చు అని రాస్తారు. వాళ్ళ డ్రింకు 14 గ్రాములు. అంటే 42. మన క్వార్టర్ ఎప్పుడో దాటేసింది. కల్లుకి నాకు లెక్క కట్టడం రాదు. పొద్దున్న దించిందీ సాయంత్రం పులిసిందీ ఒకటి కావు.

కోటగుమ్మం_విజయనగరం
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. 2001లో ఒక పరిశోధన వచ్చింది. తాగుడు మాన్పించే సెంటర్లో అప్పుడే మానేసిన వాళ్ళకి రోజుకి 4 గ్రాములు రెండు రోజులు ఇచ్చారు. ఉత్త మాత్ర ఇచ్చిన వాళ్ళతో పోలిస్తే లివర్ టెస్టుల్లో తేడా రాలేదు. మరి 2 గ్రాములు అని ఎక్కణ్ణించి వచ్చింది?

నాగావళి_ఎండీ
ఆ పరిశోధన నిజమే, మీరు చదివినందుకు సంతోషం. కానీ అక్కడ ఇచ్చింది రెండు రోజులు, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చారు. ఇంట్లో మూడు రకాల స్ట్రిప్పులతో గంజి తాగుతూ మూడో రోజుకి వచ్చిన మనిషికి అది హామీ కాదు. ఇంకోవైపు, 2006లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే రోజుకి 4 గ్రాములు రెండు వారాలు ఇస్తే, సుమారు మూడోవంతు మందికి ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటింది. లక్షణాలు లేవు, కానీ పెరిగింది. 2 గ్రాములు రాతిమీద చెక్కిన గీత కాదు, జాగ్రత్త కోసం పెట్టుకున్నది. మా డాక్టర్లలోనే కొందరు 3 వరకు పర్వాలేదంటారు. నేను మాత్రం తినని మనిషికి 2 దాటనివ్వను.

కోటగుమ్మం_విజయనగరం
తింటున్న మనిషికి 3 అంటే నేనూ సరేనంటాను.

రాజాం_ఫార్మసిస్ట్
షాపులో నిలబడి ఎవరు తింటున్నారో ఎవరు తినట్లేదో నాకెలా తెలుస్తుందండీ. నేను 2 అనే చెప్తాను.

పైడితల్లి_భక్తుడు
నేను రోజూ తాగను. ఆదివారం స్నేహితులతో రెండు బీర్లు. సోమవారం ఆఫీసులో తలపోటు వస్తే ఒక 650 వేసుకుంటాను. నాకూ ఇదంతా వర్తిస్తుందా?

నర్సన్నపేట_నర్సు
ఒక్క 650తో మీకు ఏమీ కాదు. ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఏదైనా తిని వేసుకోండి. రాత్రి బీరు తాగుతుండగానే ముందుజాగ్రత్తగా మాత్ర వేసుకోవడం మాత్రం వద్దు, దాంతో పొద్దుటి తలపోటు ఆగదు. వేసుకున్నాక జలుబని ఇంకో బిళ్ళ మింగేముందు వెనక చదవండి.

పైడితల్లి_భక్తుడు
అవి స్ట్రాంగ్ బీర్లు అయితే?

రాజాం_ఫార్మసిస్ట్
పెద్ద సీసా 650 ఎం.ఎల్., 8 శాతం అయితే ఒక్కోదాంట్లో 40 గ్రాములు. రెండు తాగితే క్వార్టర్ కంటే ఎక్కువే. వారానికి ఒక్కసారే కాబట్టి మీ ఎంజైమ్ రోజూ తాగేవాడిలా పెరిగి ఉండదు, ఆ ఒక్క మాత్రకి భయం లేదు. అది వారానికి నాలుగుసార్లయితే నా జవాబు మారుతుంది.

కాశీబుగ్గ_జీడి
రేపు డిశ్చార్జ్ అంటున్నారు. వారం తర్వాత ఐఎన్ఆర్, లివర్ టెస్టు మళ్ళీ చేయించమన్నారు. జ్వరం వస్తే 650 రోజుకి మూడు దాటొద్దని చీటీ మీద రాసి ఇచ్చారు. మందు మాన్పించే డాక్టర్ దగ్గరికి కూడా పంపుతామన్నారు, బావ ఇంకా అవునూ కాదూ అనలేదు. ఇక్కడ ఎవరికైనా శ్రీకాకుళంలో గానీ విశాఖలో గానీ దానికి మంచి చోటు తెలిస్తే నాకు మెసేజ్ పెట్టండి.